30కి 28 వచ్చిన మాస్టారు

2019 జూన్‌లో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారిని ఆయన భార్య హైదరాబాద్‌లో మా మెమరీ క్లినిక్‌కి తీసుకొచ్చారు. తీసుకొచ్చింది ఆవిడే గానీ, గదిలో అడుగు పెట్టినప్పటి నుంచి మాట్లాడింది ఆయనే. "డాక్టరు గారూ, మా ఆవిడకి నా బుర్ర మీద డౌటొచ్చింది. పరీక్ష పెట్టండి. పాసైతే కాఫీ ఇప్పించండి" అన్నారు కుర్చీ లాక్కుంటూ. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. ఇస్త్రీ చేసిన చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒక చిన్న నోట్‌బుక్. ఆ నోట్‌బుక్‌ను నేను ఆ రోజు పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

ఇది ఆ కుటుంబం అనుమతితో రాస్తున్న కేసు. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం మార్చలేదు.

మాస్టారి చదువు 16 ఏళ్లు: ఎస్సెస్సెల్సీ వరకు 11, పీయూసీ, బీఎస్సీ, ఆపైన బీఈడీ. కృష్ణా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పారు. తెలుగు, ఇంగ్లీషు కాక, హిందీ ప్రచార సభ పరీక్షల్లో విశారద దాకా పాసయ్యారు. రిటైరయ్యాక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు పదేళ్లు ఆయనే రాశారు. రోజూ పేపర్లో గళ్ల నుడికట్టు నింపనిదే టిఫిన్ చేయరట. మెదడుకు పని పెట్టే జీవితం అంటే ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఈయన్ని చూపించొచ్చు.

ఆయన్ని బయటికి పంపి ఆవిడతో విడిగా మాట్లాడాను. మతిమరుపు కేసుల్లో ఇది తప్పనిసరి. పేషెంటు ఎదురుగా ఇంట్లోవాళ్లు నిజం చెప్పలేరు, పేషెంటుకేమో తాను మర్చిపోయిన సంగతే గుర్తుండదు. ఆవిడ నాలుగు విషయాలు చెప్పారు. కిందటి నవంబరులో పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఒకే వారంలో రెండుసార్లు బ్యాంకుకు వెళ్లారు. రెండోసారి బ్యాంకువాళ్లు నవ్వి పంపించారు. అమెరికాలో ఉన్న అబ్బాయి వీడియో కాల్ ఎన్నింటికని ఒకే సాయంత్రం మూడుసార్లు అడుగుతున్నారు. ఒక పెళ్లిలో ఓ బంధువు ఎలా ఉన్నాడని అడిగారు, ఆ మనిషి దినానికి ఈయనే స్వయంగా వెళ్లొచ్చి ఏడాది కూడా కాలేదు. ఇక నాలుగోది ఆవిడ ఫిర్యాదుగా చెప్పలేదు, మాటల్లో దొర్లింది. "అసోసియేషన్ లెక్కలు వదిలేశారండీ. పెద్దవాణ్ణయ్యాను, కుర్రాళ్లు చూసుకుంటార్లే అన్నారు."

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ నాలుగోదే. తెలివైనవాళ్లు చేయలేని పనిని 'చేయలేకపోతున్నాను' అని వదలరు, ఏదో మర్యాదైన కారణం చెప్పి వదులుతారు.

తర్వాత పరీక్ష పెట్టాను. మొదటిది అందరికీ తెలిసిన 30 మార్కుల ఎంఎంఎస్‌ఈ. తేదీ, ఊరు, వందలోంచి ఏడు తీసేస్తూ పోవడం, ఒక వాక్యం రాయడం, బొమ్మ గీయడం లాంటివి ఉంటాయి. 24 కన్నా తక్కువ వస్తే అనుమానించాలని మామూలుగా చెబుతారు. మాస్టారికి 28 వచ్చింది. వందలోంచి ఏడేసి తీసేయమంటే 93, 86, 79, 72, 65 అని ఊపిరి తీసుకోకుండా చెప్పి, "రెండు దాకా వెళ్లమంటారా?" అని అడిగారు. ఈ పరీక్షలో ఆయన పాస్. చాలాచోట్ల కథ ఇక్కడితో అయిపోతుంది, విటమిన్ మాత్రలు రాసి పంపిస్తారు. అప్పటికే ఒకచోట ఆయనకు అలాగే జరిగింది.

కానీ పోయిన రెండు మార్కులూ ఎక్కడ పోయాయో చూడాలి. మూడు మాటలు చెప్పి, కాసేపు వేరే పని చేయించి మళ్లీ అడిగితే ఆయన ఒక్కటే చెప్పారు. రెండు మార్కులూ అక్కడే పోయాయి, మిగతా ప్రశ్నలన్నింటికీ నూటికి నూరు. మూలమూలన ఒక్కో మార్కు పోవడం వేరు, ఒకే చోట రెండు పోవడం వేరు. తర్వాత చేసిన 100 మార్కుల ఏసీఈ-3 పరీక్షలోనూ ఇదే తీరు. మొత్తం 90 వచ్చింది, అనుమానించాల్సిన గీత 88. భాషలో 26కి 26, బొమ్మల్లో 16కి 16, శ్రద్ధలో 18కి 18. ఒక నిమిషంలో 'ప'తో మొదలయ్యే మాటలు చెప్పమంటే పలక, పప్పు, పటిక, పన్నీరు అంటూ ఇరవై దాటించారు. జ్ఞాపకశక్తి భాగంలో మాత్రం 26కి 17.

అనుమానం తీరడానికి పదిహేను మాటల పరీక్ష చేశాం. ఒకే జాబితాను ఐదుసార్లు చదివి వినిపించి, ప్రతిసారీ గుర్తున్నవి చెప్పమంటాం. మాస్టారు ఐదు, ఏడు, ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది చెప్పారు. అరగంట తర్వాత అడిగితే రెండే. ఇక్కడ ఇంకో మెట్టు ఉంది, దాన్ని వదిలేయకూడదు. వయసు మీద పడ్డవాళ్లకు మాట నోటికి రాకపోవచ్చు, కానీ జాబితా చూపించి 'ఇందులో ఇది ఉందా?' అంటే గుర్తుపడతారు. అంటే సరుకు లోపల ఉంది, బయటికి తీయడం కష్టమవుతోంది. మాస్టారు చూపించినా సగమే గుర్తుపట్టారు, పైగా జాబితాలో లేని మాటలను కూడా ఉన్నాయన్నారు. ఆయనకు సరుకు లోపలికే వెళ్లడం లేదు. మెదడులో కొత్త సంగతులను దాచిపెట్టే భాగం హిప్పోక్యాంపస్. అది దెబ్బతింటే మతిమరుపు ఈ తీరులో ఉంటుంది.

రక్త పరీక్షల్లో థైరాయిడ్ బాగానే ఉంది, బీ12 కొంచెం తక్కువగా ఉంది. శాకాహారుల్లో ఇది మామూలే, దీనివల్ల కూడా మతిమరుపు వస్తుంది కాబట్టి ఇంజెక్షన్లు ఇచ్చి మూడు నెలల తర్వాత మళ్లీ చూశాం. బీ12 పెరిగింది, జ్ఞాపకం మాత్రం పెరగలేదు. డిప్రెషన్ లేదు, నిద్రమాత్రల అలవాటు లేదు, చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

స్కాన్ చూసిన రోజు

ఎంఆర్‌ఐ రిపోర్టులో 'వయసుకు తగిన మార్పులు' అని ఉంది. ఆ వాక్యాన్ని నేను నమ్మను, ఫిల్ములు నేనే చూస్తాను. హిప్పోక్యాంపస్ ఎంత కుంచించుకుపోయిందో చూసి సున్నా నుంచి నాలుగు వరకు ఒక స్కోరు వేస్తాం. 75 లోపు వయసులో రెండు వచ్చినా ఎక్కువే. మాస్టారికి రెండు వైపులా మూడు వచ్చింది. తర్వాత పెట్ స్కాన్ చేయించాం. మెదడులో ఏ భాగం ఎంత చక్కెరను వాడుకుంటోందో ఇందులో తెలుస్తుంది. రెండు కణతల వెనుక, నడినెత్తికి వెనుక వైపు, లోపల రెండు అర్ధగోళాలు కలిసే చోట వాడకం బాగా పడిపోయింది. అల్జీమర్స్‌లో పడిపోయేవి ఈ చోట్లే.

ఆ స్కాన్ ఒక్కటే చూపించి, పేషెంటును చూపించకుండా అడిగితే, ఈ మనిషి ఇంటి దారి తప్పుతుంటాడని, చొక్కా గుండీలు పెట్టుకోలేడని చెప్పేవాణ్ణి. ఈయనేమో బయట వెయిటింగ్ హాల్లో నుడికట్టు నింపుతున్నారు.

స్కాన్‌కీ మనిషికీ మధ్య కనిపించే ఈ తేడాకే కాగ్నిటివ్ రిజర్వ్ అని పేరు. మెదడులో జబ్బు ఎంత ఉందనేది ఒక లెక్క, అది బయటికి ఎంత కనిపిస్తుందనేది ఇంకో లెక్క, ఈ రెండూ ఒకటి కావు. రాబర్ట్ కాట్జ్‌మన్ బృందం ఒక నర్సింగ్ హోమ్‌లో ఉండి చనిపోయిన 137 మంది మెదళ్లను పరీక్షించి 1988లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లలో పదిమంది బతికి ఉన్నప్పుడు పరీక్షల్లో చాలా బాగా చేసినవాళ్లు. వాళ్ల మెదళ్లలో కూడా అల్జీమర్స్ మచ్చలు నిండుగా ఉన్నాయి. కాకపోతే ఆ మెదళ్లు బరువెక్కువ, వాటిలో పెద్ద నాడీకణాలు కూడా ఎక్కువ. ఇది ముడిసరుకు ఎక్కువ ఉండటం లాంటిది, పది బస్తాలున్నవాడికి రెండు పురుగు పట్టినా ఇల్లు గడుస్తుంది. దీన్ని బ్రెయిన్ రిజర్వ్ అంటారు.

1992లో కొలంబియా యూనివర్సిటీలో యాకోవ్ స్టెర్న్ ఇంకో వైపు నుంచి వచ్చారు. బయటికి ఒకే స్థాయిలో జబ్బు కనిపిస్తున్న అల్జీమర్స్ పేషెంట్లను తీసుకుని మెదడులో రక్తప్రసరణ కొలిచారు. ఎక్కువ చదువుకున్నవాళ్లలో కణతల వెనుక భాగంలో ప్రసరణ ఇంకా ఎక్కువ పడిపోయి ఉంది. అంటే లోపల వాళ్ల జబ్బు ముదిరిపోయింది, బయటికి మాత్రం తక్కువ చదువుకున్నవాళ్లతో సమానంగా కనిపిస్తున్నారు. కాబట్టి ఇది బస్తాల సంగతి ఒక్కటే కాదు, ఉన్నదాన్ని వాడుకునే తీరులో కూడా తేడా ఉంది. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారిన పని కానిచ్చుకోగల మెదడుకు కాగ్నిటివ్ రిజర్వ్ ఉందంటాం. మాస్టారి విషయంలో ఆ ఇంకో దారులు ఏమిటో నేను కళ్లారా చూశాను. తేదీ అడిగితే ఆయన గుర్తు తెచ్చుకోలేదు, లెక్కకట్టారు: "మొన్న సోమవారం ఏరువాక పౌర్ణమి కదా, ఇవాళ బుధవారం కదా, అయితే..." అని. జవాబు కరెక్టే, మార్కు వేయాల్సిందే. కానీ జ్ఞాపకం చేయాల్సిన పనిని లెక్కల బుర్ర చేసిపెడుతోంది.

అదే నెలలో నల్గొండ వైపు పల్లె నుంచి 67 ఏళ్ల ఒక పెద్దావిడను కొడుకులు తీసుకొచ్చారు. బడి మొహం చూడలేదు, జీవితమంతా పొలం పని. ఆవిడ స్కాన్‌లో కూడా స్కోరు మూడే. పెట్ చేయించే స్తోమత వాళ్లకు లేదు. ఆవిడ అప్పటికి రెండేళ్లుగా పొయ్యి వెలిగించడం మర్చిపోయింది, ఊళ్లో దారి తప్పుతోంది. రెండు ఫిల్ములూ లైట్ బాక్స్ మీద పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. ఇద్దరిని పోల్చి సిద్ధాంతం చేయకూడదని నాకు తెలుసు. ఆవిడకు బీపీ ఏళ్ల తరబడి మందులు లేకుండా ఉంది, చిన్నప్పటి తిండి ఎలాంటిదో ఎవరికి తెలుసు? చదువుకున్నవాళ్లకు చదువుతో పాటు డబ్బు, డాక్టరు, మంచి తిండి కూడా దక్కుతాయి. అందులో చదువు వాటా ఎంతని విడదీయడం పరిశోధకులకే తలనొప్పి.

అయినా రిజర్వ్ అంటే బడి చదువు ఒక్కటే అనుకోకూడదు. ఆ సంగతి తేలింది మన హైదరాబాద్‌లోనే. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్ల రికార్డులు చూసి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు లేదా అంతకు మించి భాషలు మాట్లాడేవాళ్లలో లక్షణాలు ఒకే భాష మాట్లాడేవాళ్లకన్నా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. అక్షరం రానివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. కెనడాలో ఇలాంటి పనులు చేసినప్పుడు రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లే కావడంతో, తేడా భాషదా వలసదా అనే సందేహం మిగిలింది. హైదరాబాద్‌లో ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడటానికి ఎవరూ వలస రానక్కర్లేదు. రోజుకు వందసార్లు ఒక భాషను పక్కన పెట్టి ఇంకోటి అందుకోవడం మెదడుకు కసరత్తే అన్నది వాళ్ల వివరణ. నల్గొండ ఆవిడ తెలుగు తప్ప ఇంకో మాట ఎరగరు.

కుటుంబానికి ఏం చెప్పాను

డయాగ్నసిస్ కాగితం మీద 'అల్జీమర్స్ వల్ల వచ్చిన తేలికపాటి జ్ఞాపకశక్తి లోపం' అని రాశాను. రోజువారీ పనులు తానే చేసుకుంటున్నారు కాబట్టి డిమెన్షియా అనలేం. వెన్నునీటి పరీక్ష కానీ, అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమైలాయిడ్ ప్రొటీన్‌ను నేరుగా చూపే స్కాన్ కానీ చేయలేదు కాబట్టి, అల్జీమర్స్ పక్కన 'బహుశా' అనే మాట కూడా ఉంది. ఈ దశలో, అల్జీమర్స్‌కు వాడే డోనెపెజిల్ లాంటి మాత్రలు జబ్బు ముదరకుండా ఆపుతాయనడానికి ఆధారం లేదు, అందుకని మొదలుపెట్టలేదు.

అబ్బాయి డల్లాస్ నుంచి వీడియోలో కూర్చున్నాడు. సాఫ్ట్‌వేర్ మనిషి, అప్పటికే చాలా చదివి వచ్చాడు. "సార్, నాన్న ఇంత యాక్టివ్‌గా ఉంటారు కదా, రిజర్వ్ ఎక్కువ కాబట్టి ఇలాగే నెమ్మదిగా వెళ్తుంది కదా?" అని అడిగాడు. అందరూ అడిగే ప్రశ్నే ఇది, అందరూ తప్పుగా అర్థం చేసుకునేది కూడా ఇదే.

రిజర్వ్ జబ్బును ఆపదు, కనిపించకుండా దాస్తుంది. దాచడానికి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దగ్గరికి వచ్చేసరికి లోపల జబ్బు చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది, ఇక వాడుకోవడానికి ఇంకో దారి మిగలదు. అందుకే ఎక్కువ చదువుకున్నవాళ్లలో లక్షణాలు ఆలస్యంగా మొదలై, మొదలయ్యాక వేగంగా దిగజారతాయి. న్యూయార్క్ బ్రాంక్స్‌లో వృద్ధులను ఏళ్ల తరబడి వెంబడించి 2007లో చార్లెస్ హాల్ బృందం దీన్ని కొలిచింది. ఒక్కో ఏడాది చదువుకు జ్ఞాపకం వేగంగా పడిపోవడం మొదలయ్యే సమయం 0.21 ఏళ్లు, అంటే రెండున్నర నెలలు ఆలస్యమైంది. మొదలయ్యాక మాత్రం, చదువు ఎక్కువైన కొద్దీ పతనం వేగం కూడా ఎక్కువే. మాస్టారి 16 ఏళ్ల చదువుకు కాగితం మీద మూడేళ్ల పైచిలుకు వస్తుంది. గుంపు మీద కట్టిన సగటును ఒక మనిషికి అంటించకూడదని అబ్బాయికి చెప్పాను. ఆ అంకె వినగానే అతను రాసుకున్నాడు, నా హెచ్చరిక రాసుకోలేదు.

"అయితే చదువుకోవడం వల్ల నష్టమా అండీ?" అన్నారు మాస్టారి భార్య.

"కాదమ్మా. మంచంలో ఉండే కాలం తగ్గుతుంది, బాగున్న కాలం పెరుగుతుంది. కాకపోతే దిగడం మొదలైతే మనం సర్దుకోవడానికి టైమ్ దొరకదు. అందుకని సర్దుకోవాల్సినవి ఇప్పుడే సర్దుకుందాం" అన్నాను.

సర్దుకోవడం అంటే ఇవి: పెన్షన్ ఖాతా జాయింట్ చేయించడం, ఫిక్స్‌డ్ డిపాజిట్లన్నింటికీ నామినీ, ఫ్లాట్ మీద వీలునామా. 28 మార్కులు వస్తున్న మనిషి రాసిన వీలునామాను కోర్టులో ఎవరూ తేలిగ్గా కొట్టేయలేరు, రెండేళ్లాగి 15 మార్కుల మనిషి చేత రాయిస్తే తగాదాలే. ఇవన్నీ తన ముందే మాట్లాడమని మాస్టారే పట్టుబట్టారు. వీలునామా ముసాయిదాలో ఒక స్పెల్లింగ్ తప్పు కూడా ఆయనే పట్టుకున్నారట.

అబ్బాయి బ్రెయిన్ గేముల యాప్ కొనిపెట్టాడు. వద్దనలేదు గానీ, దాని మీద నాకు ఆశ లేదు. అలాంటి ఆటలు ఆడితే ఆ ఆట బాగా వస్తుంది, పాలవాడికి డబ్బులిచ్చామో లేదో గుర్తుండటానికి అది పెద్దగా పనికిరాదు. 'రోజూ పజిల్స్ చేసేవాళ్లకు డిమెన్షియా తక్కువ' అనే పరిశోధనల్లో ఇంకో చిక్కుంది. జబ్బు లక్షణాలు కనపడటానికి ఏళ్ల ముందే మెదడు అలిసిపోతుంటుంది, అలాంటివాళ్లు తమకు తెలియకుండానే పజిల్స్ మానేస్తారు. అప్పుడు పజిల్స్ మానడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు రావడం వల్ల మానేశారా? మాస్టారి అసోసియేషన్ లెక్కలే దీనికి ఉదాహరణ. చదువు విషయంలో ఈ చిక్కు తక్కువ, ఎందుకంటే బీఎస్సీ ఇరవయ్యేళ్లప్పుడే అయిపోయింది.

పడిపోయిన తీరు

2019 డిసెంబరులో మళ్లీ 28. ఆయన గెలిచినట్టు, నేను ఓడినట్టు చూశారు నా వైపు. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది, కొన్ని నెలలు ఫోన్లోనే మాట్లాడాం. ఫోన్లో ఆయన ఎప్పుడూ బాగానే ఉండేవారు. అటునుంచి నోట్‌బుక్ పేజీలు తిప్పుతున్న చప్పుడు వినపడేది. 2020 నవంబరులో క్లినిక్‌కి వచ్చినప్పుడు 26. 2021 జూన్‌లో 21. 2022 జనవరిలో 15. అల్జీమర్స్‌లో ఏడాదికి సగటున మూడు మార్కుల దాకా పోతాయని మేం అనుకుంటాం. ఈయనకు 14 నెలల్లో 11 పోయాయి.

ఇంత వేగం చూసి 'రిజర్వ్ అయిపోయింది' అనేసుకోవడం తప్పు. 2021 మేలో ఆయనకు కోవిడ్ వచ్చి తగ్గింది. ఆ వయసులో వేగంగా దిగజారితే ముందు వెతకాల్సినవి వేరే ఉన్నాయి: చిన్న స్ట్రోకులు, ఎప్పుడో పడి తలలో నెమ్మదిగా చేరిన రక్తం, సోడియం పడిపోవడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఎవరో రాసిన కొత్త నిద్రమాత్ర. ఇవి సరిచేస్తే మనిషి చాలావరకు తిరిగొస్తాడు. ఉదయం బాగుండి సాయంత్రం గందరగోళపడటం, రోజుకో రకంగా ఉండటం, పగలు మత్తుగా ఉండటం కనిపిస్తే అనుమానం ఇటు వెళ్లాలి. మాస్టారిలో అవేవీ లేవు. రక్త పరీక్షలు, కొత్త ఎంఆర్‌ఐ చేశాం. స్ట్రోక్ లేదు, రక్తం లేదు. 2019 ఫిల్ముల పక్కన పెట్టి చూస్తే తేడా ఉంది గానీ కొంచెమే. మార్కులు కుప్పకూలాయి, మెదడు ఫిల్ము మాత్రం రెండేళ్ల కిందటి దానికి కాస్త అటూ ఇటూగానే ఉంది. 2019 నాటికే మెదడులో జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయిందనడానికి నాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకలేదు. కోవిడ్ వాటా ఏమీ లేదని మాత్రం గట్టిగా అనలేను.

ఏ వరసలో పోయాయో కూడా రాసుకున్నాను. ముందు లెక్కకట్టి తేదీ చెప్పడం పోయింది, 2021 జూన్‌లో తేదీ అడిగితే గోడ మీద క్యాలెండర్ కోసం వెతికారు. తర్వాత 'ప'తో మాటలు ఎనిమిదికి తగ్గాయి. చివరికి వందలోంచి ఏడేసి తీసేయడం: 93, 86, ఆపైన ఆగిపోయి, నన్ను చూసి, "ఇది ఎనిమిదో క్లాసు లెక్క కదూ?" అన్నారు. ఇన్నాళ్లూ జ్ఞాపకానికి బదులు పనిచేసినవన్నీ ఒక్క ఏడాదిలో పోయాయి. డోనెపెజిల్ 2021 జూన్‌లో 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10కి పెంచాం. కాస్త చలాకీగా ఉన్నారని ఆవిడ అన్నారు, మార్కుల్లో ఏమీ కనిపించలేదు.

నల్గొండ ఆవిడ ఆ మూడేళ్లలో ఎలా ఉన్నారంటే, నెమ్మదిగా, దాదాపు ఒకే వేగంతో దిగారు. 2022లో ఒకే నెలలో వచ్చినప్పుడు ఇద్దరికీ స్నానం చేయించాల్సిన స్థితి. ఆవిడ జబ్బు మొదలై కేస్ షీటు ప్రకారం ఐదేళ్లు, ఈయనది మూడున్నర.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో ఒక మార్పు వచ్చింది. చదువుకున్న పేషెంటుకు 24 గీత వాడటం మానేశాను. డిగ్రీ ఉన్నవాళ్లలో 27 కన్నా తగ్గగానే ఆలోచిస్తాను, 28 వచ్చినా మార్కు ఎక్కడ పోయిందో చూస్తాను. చదువు రానివాళ్ల విషయంలో దీనికి తలకిందులు. అక్షరాలు రానివాళ్ల కోసం మార్చిన ప్రశ్నలు వాడాలి, తక్కువ మార్కులు రాగానే జబ్బనకూడదు, ఇంట్లో ఏ పని చేయగలుగుతున్నారో అడగాలి. మార్కులకన్నా ముఖ్యంగా, ఆ మనిషి పదేళ్ల కిందట ఎలా ఉండేవారో తెలిపే కాగితం ఏదైనా తెమ్మంటాను. పాత లెక్కల పుస్తకం, ఉత్తరాలు, డైరీ, ఏదైనా సరే. మనిషిని సగటుతో పోల్చితే రిజర్వ్ మనల్ని మోసం చేస్తుంది, తనతో తనను పోల్చితే అంతగా చేయలేదు.

ఆ పద్ధతి మాస్టారి దగ్గర నాకు ఆలస్యంగా తట్టింది. 2022 వేసవిలో ఆవిడ ఒక గుడ్డ సంచి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "మీరు పాత కాగితాలు అడుగుతుంటారని నర్సమ్మ చెప్పింది. ఇవి ఈయన చొక్కా జేబులో పెట్టుకునే పుస్తకాలు. బీరువాలో దొరికాయి." మొత్తం పదకొండు నోట్‌బుక్కులు. చివరి వాటిలో అక్షరాలు పెద్దవై వంకరపోయాయి, అది నేను ఊహించిందే. నేను మొదటిది తీశాను. చేతిరాత ముత్యాల్లా ఉంది. 'పాలు – డబ్బులు ఇచ్చేశాను.' 'గ్యాస్ బుక్ చేశాను, మళ్లీ చేయొద్దు.' 'అబ్బాయి ఫోన్ చేశాడు, ఆదివారం మళ్లీ చేస్తానన్నాడు.' 'గ్యాస్ బుక్ చేశాను' రెండు పేజీల తర్వాత మళ్లీ ఉంది, ఆ వాక్యం కింద రెండు గీతలు.

"ఇలా రాసుకోవడం ఆయనకు ముందునుంచీ అలవాటా అమ్మా?" అని అడిగాను.

"లేదండీ. వెయ్యిమంది పిల్లల పేర్లు నోటికి చెప్పేవారు. పుస్తకం ఎందుకు?"

అట్ట లోపలి వైపు, మాస్టార్లు పుస్తకం మొదలుపెట్టినప్పుడు రాసినట్టే, తేదీ వేసి ఉంది: 2015 ఆగస్టు 10. కేస్ షీటులో 'లక్షణాలు మొదలైన తేదీ' అన్న చోట ఆవిడ మాట మీద నేను రాసుకున్నది 2018 నవంబరు. నిమ్స్ లెక్కల్లోనైనా, మా లెక్కల్లోనైనా ఆ గడి నింపేది ఇంట్లోవాళ్ల మాటే. కొట్టేసి, పక్కన 2015 అని రాసి, సంతకం పెట్టాను.